విక్రయ సంభాషణ లిఖితపాఠం నుండి సారాంశ రచన – తెలుగు అంగీకార పదాల అర్థనిర్ణయం

ఉపోద్ఘాతం

ఒక వస్తువును లేదా సేవను అమ్మజూపే ముందు కొనుగోలుదారు పరిస్థితిని అడిగి తెలుసుకునే తొలి సంభాషణను విక్రయరంగంలో ‘డిస్కవరీ కాల్’ అంటారు. దానిని రికార్డు చేసి, లిఖితపాఠంగా మార్చి, అందులోంచి కొనుగోలుదారు అవసరాలు, అభ్యంతరాలు, కొనుగోలు సూచనలు అనే మూడింటిని సారాంశంగా రాస్తారు. తరువాత ధర నిర్ణయించేవారు, సేవ అందించేవారు చదివేది ఈ సారాంశాన్నే. అందులో తప్పు దొర్లితే వారంతా కొనుగోలుదారు అనని మాటకు జవాబు వెతుకుతుంటారు. తెలుగు సంభాషణలో ఈ తప్పు ఎక్కువగా ‘సరే’, ‘మంచిదే’, ‘చూద్దాం’ వంటి మాటల దగ్గర జరుగుతుంది. వాటి అర్థాన్ని నిర్ణయించే పద్ధతిని ఒక ఉదాహరణ ద్వారా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

ఉదాహరణ పాఠం

ఈ క్రింది సంభాషణ వివరణ కోసం కల్పించినది. అమ్మకందారు స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్మే ప్రతినిధి. కొనుగోలుదారు మందుల హోల్‌సేల్ వ్యాపారి.

1. అమ్మకందారు: గడువు దాటే మందుల లెక్క ఇప్పుడెలా చూసుకుంటున్నారండీ?
2. కొనుగోలుదారు: పుస్తకంలో రాస్తాం. మా కుర్రాడు చూస్తాడు. మొన్న దసరా హడావుడిలో రెండు బ్యాచ్‌లు చూసుకోలేదు. కంపెనీవాళ్ళు వెనక్కి తీసుకోమన్నారు.
3. అమ్మకందారు: అంటే గడువు మూడు నెలలుందనగానే హెచ్చరించే సాఫ్ట్‌వేర్ ఉంటే మీకు ఉపయోగమే కదండీ?
4. కొనుగోలుదారు: ఆ... ఉంటే మంచిదేలెండి.
5. అమ్మకందారు: నెలకు రెండు వేలండి.
6. కొనుగోలుదారు: (2 సెకన్ల మౌనం) సరే గానీ, మా కుర్రాడికి కంప్యూటర్ అంతగా రాదు. నేర్చుకున్నా, వాడు మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.
7. అమ్మకందారు: ట్రైనింగ్ మేమే ఇస్తామండి.
8. కొనుగోలుదారు: చూద్దాంలెండి. మా తమ్ముడితో ఓ మాట అనాలి. డబ్బు లెక్కలన్నీ వాడివే.
9. అమ్మకందారు: అలాగేనండి.
10. కొనుగోలుదారు: అవునూ, ట్యాలీలో ఉన్న పాత బాకీలు ఇందులోకి వస్తాయా, మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించుకోవాలా?
11. అమ్మకందారు: మేమే ఎక్కించి ఇస్తామండి.
12. కొనుగోలుదారు: అయితే గురువారం మా తమ్ముడు షాపులోనే ఉంటాడు. పదకొండింటికి రండి.

తొందరలో రాసిన సారాంశం ఇలా ఉంటుంది: ‘గడువు హెచ్చరిక కావాలన్నారు. ధరపై అభ్యంతరం ఉంది. సాఫ్ట్‌వేర్ నచ్చింది. ట్రైనింగ్ ఇస్తామన్నాక సమస్య తీరింది.’ ఈ నాలుగు వాక్యాలలో ఒక్కదానికీ పాఠంలో ఆధారం లేదు.

పాఠాన్ని సిద్ధం చేయడం

మొదటి పని ప్రతి మాటకూ వరుస సంఖ్య ఇవ్వడం. రెండవది మౌనాలను, ‘ఆ...’, ‘గానీ’, ‘లెండి’ వంటి వాటిని తొలగించకుండా ఉంచడం. పాఠాన్ని ‘శుభ్రం’ చేసేవారు మొదట తీసేసేవి ఇవే. అప్పుడు ‘ఆ... ఉంటే మంచిదేలెండి’ కాస్తా ‘మంచిది’ అవుతుంది. ఆ సారాంశాన్ని ఇంగ్లీషులోకి మార్చేసరికి అది ‘నచ్చింది’గా స్థిరపడుతుంది. మూడవది, కొనుగోలుదారు తనంతట తానుగా అన్న మాటను, అమ్మకందారు నోటికందించగా అన్న మాటను వేరుగా గుర్తించడం. 2, 10, 12 మాటల్లోని సమాచారం కొనుగోలుదారుదే. 4వ మాటలోని విషయం మాత్రం 3వ మాటలోని ‘కదండీ’తో ముగిసే ప్రశ్న అందించినది.

అవసరం

నీల్ రాక్‌హామ్ 1988లో ప్రచురించిన ‘స్పిన్ సెల్లింగ్’ గ్రంథంలో అవసరాలను రెండుగా విభజించాడు. కొనుగోలుదారు తన ఇబ్బందిని చెప్పడం గర్భితమైన అవసరం. ‘మాకు ఇది కావాలి’ అనడం స్పష్టమైన అవసరం. ఈ విభజన ప్రకారం 2వ మాట గర్భితమైన అవసరం మాత్రమే. నష్టం జరిగిందని వ్యాపారి చెప్పాడు. దానికి పరిష్కారం కావాలని అనలేదు. 4వ మాట స్పష్టమైన అవసరంగా కనిపిస్తుంది గానీ, ‘ఉంటే’ అన్న షరతు, ‘మంచిదే’లోని ఏకారం, చివరి ‘లెండి’ కలిసి ఆ మాటను మర్యాదపూర్వకమైన అంగీకారం స్థాయిలోనే నిలిపాయి. కనుక సారాంశంలో ‘గడువు హెచ్చరిక కావాలన్నారు’ అని కాక, ‘గడువు చూసుకోక రెండు బ్యాచ్‌లు నష్టపోయారు’ అని రాయాలి.

అభ్యంతరం

అసమ్మతి తెలిపేవారు తరచు ఆలస్యంగా, ముందొక అంగీకార పదం పెట్టి మాట్లాడతారని అనితా పోమరాంట్జ్ 1984లో వెలువడిన తన సంభాషణ విశ్లేషణలో చూపింది. 6వ మాట సరిగ్గా ఆ నిర్మాణంలోనే ఉంది. ముందు మౌనం, తరువాత ‘సరే’, దాని వెంట ‘గానీ’. ఇక్కడ ‘సరే’ ధరకు ఒప్పుదల కాదు. అలాగని ధరపై అభ్యంతరం ఉందని రాయడమూ సరికాదు. వ్యాపారి పలికిన అభ్యంతరం ధర గురించి కాదు. మౌనాన్ని ‘ధర చెప్పాక 2 సెకన్ల మౌనం, కారణం చెప్పలేదు’ అని ఉన్నదున్నట్టు నమోదు చేయాలి.

పలికిన అభ్యంతరంలో రెండు భాగాలున్నాయి. కుర్రాడికి కంప్యూటర్ రాదన్నది ఒకటి. నేర్చుకున్నాక మానేస్తే ఏమిటన్నది రెండవది. 7వ మాటలోని ట్రైనింగ్ హామీ మొదటిదానికే జవాబు. రెండవది అలాగే మిగిలింది. సారాంశంలో ప్రతి అభ్యంతరం పక్కన దానికి జవాబు దొరికిందా లేదా అన్నది రాస్తే ఈ తేడా బయటపడుతుంది. అమ్మకందారు జవాబిచ్చినంత మాత్రాన అభ్యంతరం తీరినట్టు కాదు. తీరిందనడానికి కొనుగోలుదారు మాటే ఆధారం కావాలి.

కొనుగోలు సూచన

‘చూద్దాం’ రూపంలో ‘మనం’ ఉంది. వ్యాకరణరీత్యా అది ఎదుటివారిని కూడా కలుపుకొనే రూపం. వాడుకలో మాత్రం ‘చూద్దాంలెండి’ తరచు వాయిదా, ఒక్కోసారి నిరాకరణ. కాబట్టి 8వ మాటను దాని రూపాన్ని బట్టి నిర్ణయించలేం. తరువాతి మాటలు చూడాలి. 10వ మాట అమలు వివరం అడిగే ప్రశ్న. వాడబోయే మనిషికి కలిగే సందేహమది. అదే సమయంలో పాత బాకీలు కోల్పోకూడదన్న అవసరం కూడా. ఒకే మాట రెండు వర్గాల్లోకి రావడం దోషం కాదు. రెండు చోట్లా నమోదు చేయాలి. 12వ మాటలో రోజు, వేళ, నిర్ణయంలో భాగమయ్యే వ్యక్తి ముగ్గురూ కాక, మూడు అంశాలూ నిర్దిష్టంగా ఉన్నాయి. అమ్మకాన్ని ముందుకు జరిపే నిర్దిష్టమైన చర్యనూ, చర్యలేని సానుకూల మాటలనూ రాక్‌హామ్ వేరు చేశాడు. 12వ మాట మొదటి రకం, 4వ మాట రెండవ రకం. 12వ మాట ఉన్నందువల్లనే 8వ మాటను నిరాకరణగా కాక, నిజమైన సంప్రదింపుగా చదవగలుగుతున్నాం. సంభాషణ 9వ మాటతో ముగిసి ఉంటే దానిని వాయిదాగానే రాయవలసి వచ్చేది.

సవరించిన సారాంశం

అవసరాలు: గడువు చూసుకోక రెండు బ్యాచ్‌లు వాపసు కాలేదు (2, స్వయంగా). ట్యాలీలోని పాత బాకీలు కొత్తదానిలోకి రావాలి (10, స్వయంగా).

అభ్యంతరాలు: పనివాడికి కంప్యూటర్ అంతగా రాదు (6, ట్రైనింగ్ ఇస్తామన్నారు, తృప్తి తెలియదు). నేర్చుకున్నవాడు మానేస్తే ఎలా (6, జవాబు లేదు). ధరపై మాట లేదు, మౌనం మాత్రం ఉంది (6).

కొనుగోలు సూచనలు: ట్యాలీలోని పాత బాకీలు ఇందులోకి వస్తాయా అని అడిగారు (10). తమ్ముడిని సంప్రదించాలి, డబ్బు లెక్కలు అతనివే (8). గురువారం 11 గంటలకు తమ్ముడు ఉండగా రమ్మన్నారు (12).

ముగింపు

ఈ సారాంశాన్ని సరిచూడడానికి ఒక పరీక్ష సరిపోతుంది. ప్రతి వాక్యం పక్కన కొనుగోలుదారు మాట సంఖ్య ఉండాలి. లేని వాక్యం అమ్మకందారు ఆశ మాత్రమే. ఇద్దరు విడివిడిగా వర్గీకరించి పోల్చుకుంటే, భేదం వచ్చే చోట్లు చాలావరకు ‘సరే’, ‘లెండి’ వంటి మాటల దగ్గరే తేలుతాయి. స్వరం కాగితం మీదికి రాదు కనుక అటువంటి చోట్ల రికార్డును మళ్ళీ వినడం తప్పనిసరి. ఇంత చేసినా, ఈ వ్యాపారి కొంటాడా లేదా అన్నది సారాంశం చెప్పలేదు. గురువారం వెళ్ళేవారు తమ్ముడి ముందు మొదట మాట్లాడవలసింది హెచ్చరికల గురించి కాదని, కుర్రాడు మానేస్తే ఏం చేస్తారన్న ప్రశ్న గురించేనని మాత్రం చెబుతుంది.