‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అంటే గడువు అయిపోయినట్టు కాదు తాతయ్యా!

మొన్న మా తాతయ్య ఊరి నుంచి ఫోన్ చేశారు. “ఒరేయ్, కరెంటు బిల్లు కడుతుంటే టైమ్ అవుట్ అని వచ్చింది. గడువు దాటిందా? ఫ్యూజు పీకేస్తారా?” అని ఒకటే కంగారు. డెబిట్ కార్డు నంబరు, ఓటీపీ అన్నీ ఇచ్చాక, బిల్లు సైట్‌కి తిరిగి వెళ్లే చోట క్రోమ్‌లో `ERR_CONNECTION_TIMED_OUT` కనిపించిందట. ఇంకోసారి కట్టబోతుంటే ఆపేశాను.

మనకి రోజూ కనిపించే ఎర్రరే కదా, కానీ ఆయనకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఆలోచించాల్సి వచ్చింది. చివరికి ఇలా చెప్పాను.

“తాతయ్యా, నువ్వు ఒకరింటికి వెళ్లి తలుపు కొట్టావు. పలకలేదు. ఒక సెకను ఆగి మళ్లీ కొట్టావు. తర్వాత 2 సెకన్లు, 4, 8... ఇలా ఆగి ఆగి కొట్టి, ఇక లాభం లేదని వెనక్కి వచ్చేశావు. అదే టైమ్డ్ అవుట్. అయిపోయింది నీ గడువు కాదు, ఫోన్ ఓపిక.”

“మరి లోపల మనుషులు ఉన్నట్టా, లేనట్టా?” అన్నారు. అసలు పాయింట్ అదే. తెలియదు! సర్వర్ ఆగిపోయి ఉండొచ్చు, దాని మీద లోడ్ ఎక్కువై ఉండొచ్చు, మన నెట్టే సరిగా లేకపోవచ్చు. ఇంకో సైట్ తెరిచి చూస్తే మన నెట్ సంగతి తేలిపోతుంది.

దీనికి చుట్టాల్లాంటి ఎర్రర్లు ఇంకో రెండున్నాయి. `ERR_CONNECTION_REFUSED` అంటే తలుపు కొట్టగానే “ఇప్పుడు కుదరదు, వెళ్లండి” అని జవాబు వచ్చేసింది. `DNS_PROBE_FINISHED_NXDOMAIN` అంటే ఆ పేరు గలవాళ్లు ఊళ్లోనే లేరు. ఇది వస్తే ముందు అడ్రస్‌లో స్పెల్లింగ్ చూసుకోవాలి.

సరే, డబ్బు సంగతేంటి? కార్డు పేమెంట్ జరిగేది బ్యాంకు దగ్గర. తలుపు తీయనిది బిల్లు సైట్. అంటే డబ్బు కట్ అయ్యాక కూడా ఈ ఎర్రర్ రావచ్చు. అందుకే మళ్లీ కట్టే ముందు బ్యాంకు ఎస్సెమ్మెస్ చూడమన్నాను. డబ్బు కట్ అయినట్టే ఉంది. అరగంట తర్వాత సైట్ తెరుచుకుంది, బిల్లు ‘పెయిడ్’ అని చూపించింది. రెండోసారి నొక్కి ఉంటే డబుల్ పేమెంటే!

ఒకవేళ డబ్బు కట్ అయి, బిల్లు సైట్‌కి కన్ఫర్మేషన్ అందకపోతే? ఆర్‌బీఐ 2019 రూల్ ప్రకారం ఇలాంటి ఆన్‌లైన్ కార్డు పేమెంట్ 5 రోజుల్లోపు దానంతట అదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. ఆ ఎస్సెమ్మెస్ మాత్రం డిలీట్ చేయొద్దు.

అంతా విన్నాక తాతయ్య ఒక్క మాటన్నారు: “అయితే దానికి తెలుగులో ‘ఎంత పిలిచినా పలకలేదు’ అని రాస్తే సరిపోయేది కదరా!”