చౌక వెన్న, ఖరీదైన నెయ్యి

నెయ్యి కాచే సంఘాల్లో నెలాఖరున వినపడే మాట ఒకటుంది: “వెన్న చౌకగానే కొన్నాం, కాచేవాళ్లే పాడు చేశారు.” ఆ మాట నిజమో కాదో ప్రామాణిక వ్యయ విధానం చెప్పగలదు. ఏలూరు వైపు ఒక సంఘం కొల్లేటి లంక గ్రామాల నుంచి వెన్న కొని నెయ్యి కాస్తున్నదనుకుందాం. అంకెలు ఉదాహరణకే.

100 కిలోల నేతికి ప్రమాణం: కిలో రూ. 400 చొప్పున 125 కిలోల వెన్న, అంటే రూ. 50,000, గంటకు రూ. 80 చొప్పున 10 గంటల శ్రమ, అంటే రూ. 800.

ఈ నెల తాడేపల్లిగూడెంలో కిలో రూ. 385కే వెన్న దొరికింది. 100 కిలోల నేతికి 132 కిలోలు పట్టింది, ఖర్చు రూ. 50,820. ధర విచలనం చూడాలంటే కిలోకు మిగిలిన 15 రూపాయలను వాడిన 132తో హెచ్చించాలి: రూ. 1,980 అనుకూలం. వినియోగ విచలనానికి, అదనంగా పట్టిన 7 కిలోలను ప్రామాణిక ధర 400తో హెచ్చించాలి: రూ. 2,800 ప్రతికూలం. రెండూ కలిపితే రూ. 820 నష్టం.

ఇక్కడ కొనుగోలుదారును మెచ్చుకొని, కాచేవారిని మందలించడం తేలిక. అలా చేసే ముందు వెన్న పరీక్ష చీటీ చూడాలి. ప్రమాణం 82 శాతం కొవ్వున్న వెన్నకు కట్టినది. ఈసారి వచ్చినది 78 శాతం. తెల్ల వెన్నకు చట్టం కోరే కనీస కొవ్వు 76 శాతమే కాబట్టి ఇది కల్తీ కాదు. నీరు ఎక్కువ, అంతే. 125 కిలోల పాత వెన్నలోని కొవ్వు రావాలంటే ఈ వెన్న 131.4 కిలోలు కావాలి. అంటే అదనపు 7 కిలోల్లో 6.4 నీటి పుణ్యమే. కాచేవారి లెక్కకు వచ్చేది 0.6 కిలో. అదైనా మడ్డిలో ఎంత నెయ్యి మిగిలిందో తూచి చూస్తే గాని చెప్పలేము. కొవ్వు కిలో లెక్కన చూస్తే పాత వెన్న రూ. 488, చౌక వెన్న రూ. 494!

శ్రమ సంగతీ అంతే. 13 గంటలకు రూ. 85 చొప్పున రూ. 1,105 ఇచ్చారు, ప్రమాణం కన్నా రూ. 305 ఎక్కువ. అందులో కూలి రేటు పెరగడం వల్ల వచ్చినది (5 × 13) రూ. 65. కరెంటు పోయి బాయిలరు ఆగిన గంటను విడిగా రూ. 80 వ్యర్థకాలంగా రాయాలి, లేకుంటే అది కూలీల ఖాతాలో పడుతుంది. పని చేసిన 12 గంటల్లో 2 ఎక్కువ, అంటే రూ. 160 సామర్థ్య విచలనం. ఎక్కువ నీటిని ఆవిరి చేయాలంటే ఎక్కువసేపు కాచాలి కదా! అందులోనూ కొంత వెన్నదే.

కనుక ధర ప్రమాణాన్ని వెన్న కిలోకు కాక కొవ్వు కిలోకు కట్టడం మంచిది. వెన్న దిగిన రోజునే శాతం రాసుకోకపోతే మాత్రం, నెలాఖరున ఈ విభజన ఎవరి వల్లా కాదు.