తాళాలు ఆలస్యమైతే నెలనెలా వడ్డీ

హైదరాబాద్‌లో కడుతున్న అపార్ట్‌మెంట్‌లో 1,500 చదరపు అడుగుల ఫ్లాటు ఒకరు కొన్నారనుకుందాం. ధర 80 లక్షలు. గడువులోపే 60 లక్షలు కట్టేశారు. తాళాలిస్తామన్న తేదీ దాటి ఏడాదైంది. ఒక పక్క ఇంటద్దె, ఇంకో పక్క ఈఎంఐ. గట్టిగా అడిగితే బిల్డర్ అగ్రిమెంటులో ఒక షరతు చూపిస్తాడు: ఆలస్యమైన ప్రతి నెలకూ చదరపు అడుగుకు 5 రూపాయలు. అంటే నెలకు 7,500. సంతకం పెట్టాం కదా, ఏం చేస్తాంలే అని చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఆగక్కర్లేదు. 2016 నాటి రెరా చట్టం 18వ సెక్షన్ కొన్నవాళ్లకు రెండు దారులిచ్చింది. ఫ్లాటు కావాలంటే, తాళాలు చేతికొచ్చేదాకా కట్టిన డబ్బుపై నెలనెలా వడ్డీ అడగవచ్చు. వద్దనుకుంటే మొత్తం సొమ్ము వడ్డీతో సహా వెనక్కి తీసుకోవచ్చు. తెలంగాణ నిబంధనల ప్రకారం స్టేట్ బ్యాంకు అత్యధిక ఎంసీఎల్ఆర్‌కు 2 శాతం కలిపితే వచ్చేది ఈ వడ్డీ రేటు. అది 11 శాతం అనుకుంటే, 60 లక్షలపై నెలకు 55 వేలు. 7,500 ఎక్కడ, ఇదెక్కడ! బిల్డర్ తనకు అనుకూలంగా రాసుకున్న ఏకపక్ష షరతులు కొనుగోలుదారును కట్టిపడేయలేవని 2019లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంకో మాట తరచూ వినిపిస్తుంది: ‘రెరాలో గడువు పొడిగించారండీ.’ ఆ పొడిగింపు ప్రాజెక్టు రిజిస్ట్రేషన్‌కు సంబంధించింది. మీ అగ్రిమెంటులోని తేదీ దానితో జరగదు. అందుకే ఆ తేదీ, దాని పక్కన రాసిన గ్రేస్ పీరియడ్ సంతకానికి ముందే చూసుకోవాలి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదన్నది కూడా చట్టమే. ప్రీలాంచ్‌లో చవగ్గా వస్తుందని కాగితం లేకుండా డబ్బు కట్టినవాళ్లకు నిలదీయడానికి తేదీ అంటూ ఉండదు.

ఫిర్యాదు రెరా వెబ్‌సైట్‌లోనే వేయవచ్చు. అగ్రిమెంటు, చెల్లింపుల రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు చాలు. మన వాయిదాలు మాత్రం సకాలంలో కట్టి ఉండాలి, ఎందుకంటే మన ఆలస్యానికీ అదే రేటున వడ్డీ పడుతుంది. ఓసీ రాకుండానే తాళాలిస్తామని, ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న కాగితంపై సంతకం పెట్టమని అడిగితే పెట్టకండి. ఆ ఒక్క సంతకంతో వడ్డీ అడిగే హక్కుపైనే పేచీ వస్తుంది.

గెలిచాక కూడా డబ్బు వెంటనే రాకపోవచ్చు. బిల్డర్ అప్పీలుకు వెళ్లాలంటే మనకు చెల్లించాల్సిన మొత్తాన్ని ముందుగా ట్రిబ్యునల్‌లో జమ చేయాలి. అప్పీలూ వేయక, డబ్బూ ఇవ్వకపోతే వసూలు కోసం మళ్లీ రెరాకే దరఖాస్తు పెట్టాలి. అప్పుడు దాన్ని భూమి శిస్తు బకాయిలా రెవెన్యూ శాఖ ద్వారా రాబడతారు. ఇక్కడే నెలలు గడుస్తాయి. బిల్డర్ ఆస్తుల వివరాలు మనమే సేకరించి ఇస్తే పని కొంత ముందుకు కదులుతుంది.