పద్నాలుగు చలాన్లు, ఒక్క మెసేజీ రాలేదు

సాయంత్రం రద్దీలో కూకట్‌పల్లి దగ్గర ట్రాఫిక్ పోలీసులు ఒక డెలివరీ కుర్రాడి బండి ఆపారు. ఇది కల్పించిన కథే. కానీ ఇలాంటిది హైదరాబాద్ రోడ్ల మీద ఎవరికైనా జరగొచ్చు. కుర్రాడి తలమీద హెల్మెట్ ఉంది, జేబులో లైసెన్సు ఉంది, వెనక సంచిలో వేడి అన్నం పార్సిల్ ఉంది. కానిస్టేబుల్ చేతిలోని మెషీన్‌లో బండి నంబరు కొట్టి తలెత్తాడు.

"పద్నాలుగు చలాన్లు పెండింగున్నయ్ తమ్మీ. ఆరు వేలు దాటింది."

"నన్నెప్పుడూ ఎవ్వరూ ఆపలే సార్! ఒక్క మెసేజ్ కూడా రాలే."

కుర్రాడు అబద్ధమాడలేదు, మెషీన్ కూడా తప్పు చెప్పలేదు. ఈ-చలానా వేయడానికి బండి ఆపనక్కర్లేదు. కూడలిలో కెమెరా గానీ, రోడ్డు పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ గానీ ఫోటో తీస్తే చాలు. ఫోటోలో కనిపించేది నంబరు ప్లేటు. ఆ నంబరు ఎవరి పేరిట రిజిస్టరై ఉందో, ఆ రికార్డులో ఉన్న ఫోనుకే మెసేజ్ వెళ్తుంది. బండి నడిపిందెవరో ఆ రికార్డుకు తెలియదు.

ఈ కుర్రాడిది సెకండ్‌హ్యాండ్ బండి. డబ్బిచ్చి, ఆర్‌సీ కార్డు, తాళాలు తీసుకున్నాడు. పేరు మార్పిడి తర్వాత చూసుకుందాంలే అనుకున్నాడు. మెసేజ్‌లన్నీ పాత ఓనరు ఫోనుకు వెళ్తూనే ఉన్నాయి. అతను "బండి అమ్మేశాను కదా" అని వాటిని వదిలేశాడు.

కుర్రాడు రోడ్డు పక్కన నిలబడి ఫోనులో తెలంగాణ పోలీసుల ఈ-చలానా సైటు తెరిచాడు. ఒక్కో చలానాకూ తేదీ, సమయం, చోటు, తప్పేమిటో, పక్కనే ఫోటో. మొత్తం చూసి బెదిరిపోవడం కన్నా ఒక్కొక్కటీ తెరిచి చూడటం మేలు. అతను అదే చేశాడు. పద్నాలుగూ మూడు కుప్పలుగా విడిపోయాయి.

పది అతనివే. వాటిలో ఆరు హెల్మెట్ లేనివి. ఒక గేటు దగ్గర పార్సిల్ ఇచ్చి, పక్క వీధే కదా అని హెల్మెట్ హ్యాండిల్‌కు తగిలించుకుని కదిలిన సందర్భాలవి. మూడు రాంగ్ సైడ్‌వి. యూటర్న్ చాలా దూరం, యాప్‌లో టైము తరిగిపోతోంది, ఎదురుగా వెళ్తే రెండు వందల మీటర్లే. ఇంకొకటి స్టాప్ లైన్ దాటింది. తప్పు అతనిదే, కాదనలేం. కానీ ఆ తొందర అతనొక్కడిది కాదని కూడా నేనంటాను. యూటర్న్‌కు పట్టే నిమిషాలను లెక్కలో వేసుకోని డెలివరీ టైముకు ఇందులో వాటా ఉంది.

మూడు చలాన్లు అతను బండి కొనకముందు తేదీలవి. పాత ఓనరు బాకీ అది. కొనే రోజే అదే సైటులో నంబరు కొట్టి చూసుంటే, ధర మాట్లాడేటప్పుడే తేలిపోయేది.

పద్నాలుగోది విచిత్రం. ఫోటోలో స్కూటీ ఉంది, ఇతనిది మోటార్‌సైకిల్. ప్లేటు మీద ఒక అంకె తప్పుగా చదివి ఇతని ఖాతాలో వేశారు. ఇలాంటిదానికి ఫోటోయే సాక్ష్యం. చలానా నంబరు, ఆర్‌సీ, తన బండి ఫోటో జతచేసి ట్రాఫిక్ పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి. ముందే కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది.

ఇంత కాలం పేరుకున్నాక తెలిస్తే వచ్చే నష్టం ఇంకొకటుంది. మొదటి హెల్మెట్ ఫోటో వారంలోపే తెలిసుంటే మిగతా అయిదూ పడేవి కావేమో. పైగా ప్రతి చలానా మీదా జరిమానాతోపాటు 35 రూపాయల యూజర్ ఛార్జి ఉంటుంది. పద్నాలుగింటికి అదే 490.

"డిస్కౌంట్ వస్తది, ఆగన్నా" అని తోటి రైడర్ ఫోనులో సలహా ఇచ్చాడు. అతని ఆశకు ఆధారం లేకపోలేదు. 2022లో తెలంగాణలో టూవీలర్ల పాత చలాన్లకు 75 శాతం, 2023 డిసెంబరు చివర్లో మొదలైన రాయితీలో 80 శాతం తగ్గించారు. ఆ రాయితీలు పేదవాళ్లకు ఊరటే. కానీ వెంటనే కట్టినవాడిని నష్టపరిచి, ఆగినవాడికి లాభం చూపించాయి. మళ్లీ ఎప్పుడిస్తారో తెలియని రాయితీ కోసం రోజూ రోడ్డెక్కే బండి మీద బాకీ మోయడం నాకు సరైన లెక్కగా తోచదు.

సైటులో చలాన్లను విడివిడిగా ఎంచుకుని కట్టొచ్చు. కుర్రాడు ఆ పూట తన రాంగ్ సైడ్ చలాన్లలో ఒకటి కట్టి, మిగతావి వారం వారం కడతానన్నాడు. వాట్సాప్‌లో "చలానా" పేరుతో వచ్చే ఏపీకే ఫైలును మాత్రం తెరవకూడదని కానిస్టేబుల్ హెచ్చరించాడు. అవి బ్యాంకు ఖాతా ఊడ్చే మోసాలు.

మర్నాడు అతను పాత ఓనరు ఇంటికి వెళ్లాడు. ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు కావాలి. గడువు ఎప్పుడో దాటింది కాబట్టి ఆలస్యపు రుసుము తప్పదు. పాత ఓనరు సంతకాలు పెట్టాడు, తన మూడు చలాన్లలో రెండు అక్కడికక్కడే కట్టాడు. మూడోదాని మీద "అప్పటికే బండి నీకిచ్చేశాను" అని వాదనకు దిగాడు. డబ్బు చేతులు మారిన తేదీ ఎవరూ కాగితం మీద రాసుకోలేదు.