సింగర్ వాదనకు మూడు ప్రశ్నలు

1971లో తూర్పు బెంగాల్ నుంచి లక్షలాది శరణార్థులు భారత్‌లోకి వస్తున్న రోజుల్లో పీటర్ సింగర్ రాసిన ‘కరువు, సంపద, నైతికత’ వ్యాసం మరుసటి ఏడాది అచ్చయింది. ఒక వాదనను విప్పి చూడటం నేర్చుకోవడానికి అది చక్కటి పాఠం.

మొదటి ప్రశ్న: రచయిత చివరికి ఏం తేలుస్తున్నాడు? ‘పేదలకు సాయం చేయడం మంచిది’ అని రాస్తే గురి తప్పినట్టే. సాయం మన కర్తవ్యమనీ, చేయకపోతే తప్పనీ సింగర్ అంటాడు.

రెండోది: దానికి ఆధారాలేమిటి? ఆకలిచావులు చెడ్డవి. అంతే విలువైనదేదీ వదులుకోకుండా చెడును ఆపగలిగితే ఆపి తీరాలి. నిస్సారమైన కుంటలో మునుగుతున్న పసివాణ్ణి, బట్టలు బురదైనా సరే, బయటికి లాగాలి కదా!

మూడోది కష్టం: చెప్పకుండా నమ్మిందేమిటి? చాలామంది ‘దూరం లెక్కలోకి రాదు’ అంటారు. కానీ ఆ మాట సింగర్ బాహాటంగానే చెప్పి వాదించాడు, కనుక అది దాగినది కాదు. అనుమానమున్న వాక్యాన్ని తిరగేసి చూడాలి. ‘మనమిచ్చే డబ్బు ప్రాణాలు కాపాడదు’ అనుకుంటే, పై ఆధారాలు రెండూ నిజమైనా డబ్బివ్వాలన్న ముగింపు నిలవదు. అంటే విరాళం పనిచేస్తుందన్న నమ్మకం వాదనకు అవసరమే.

‘ఇది మరీ ఎక్కువ కోరుతోంది’ అనేవారు ముగింపును కాదనడంతో ఆగకూడదు. ఏ ఆధారం తప్పో చూపాలి. చాలామంది వేలు పెట్టేది రెండో ఆధారం మీదే.