ఇంటి పన్ను లెక్క

పలాస-కాశీబుగ్గ పురపాలక సంఘం నుంచి ఇంటికి ఒక కాగితం వస్తుంది. అది డిమాండు నోటీసు. ఈ ఏడాది ఇంటి పన్ను ఎంత, ఎప్పటిలోగా కట్టాలి అన్నది అందులో ఉంటుంది. ఆ అంకె ఎలా వచ్చిందో తెలిస్తే, తప్పు పడినప్పుడు పట్టుకోవచ్చు.

2021 మార్చి వరకు పట్టణాల్లో ఇంటి పన్నును అద్దె విలువ మీద లెక్క కట్టేవారు. ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత రావచ్చో, అదే ఏడాది అద్దె విలువ. సొంతంగా ఉంటున్నా, అద్దెకిచ్చినా ఈ విలువ కట్టేవారు. నిజంగా చేతికొచ్చే అద్దెతో దీనికి పని లేదు. ఊరిని ప్రాంతాలుగా విడదీసి, ఏ ప్రాంతంలో ఏ రకం ఇంటికి చదరపు మీటరుకు నెలకు ఎంత అన్నది ముందే నిర్ణయించేవారు. స్లాబు ఇంటికి ఒక రేటు, పెంకుటింటికి ఇంకో రేటు, పూరింటికి మరో రేటు.

ఒక లెక్క చూద్దాం. జీడిపిక్కల పనికి వెళ్లే ఒకామెకు కాశీబుగ్గలో ఇల్లుంది. అద్దెకిచ్చింది. వైశాల్యం 50 చదరపు మీటర్లు. కట్టి 20 ఏళ్లయింది. రేటు చదరపు మీటరుకు నెలకు 10 రూపాయలు అనుకుందాం. నెలకు 500 రూపాయలు. పన్నెండు నెలలకు 6,000 రూపాయలు.

ఈ 6,000ను మూడు వాటాలు చేస్తారు. ఒక వాటా, అంటే 2,000, స్థలానిది. రెండు వాటాలు, అంటే 4,000, కట్టడానిది. స్థలం పాతబడదు గానీ కట్టడం పాతబడుతుంది గదా! అందుకని కట్టడం వాటాలో తగ్గింపు ఇస్తారు. 25 ఏళ్ల లోపు ఇంటికి 10 శాతం. 40 ఏళ్ల వరకు 20 శాతం. అంతకన్నా పాతదైతే 30 శాతం. ఈమె ఇంటికి 4,000లో 10 శాతం, అంటే 400 తగ్గింది. మిగిలింది 5,600. పన్ను శాతాన్ని పురపాలక సంఘం నిర్ణయించేది. 25 శాతం అనుకుంటే ఏడాది పన్ను 1,400 రూపాయలు. ఇంటావిడ తనే ఆ ఇంట్లో ఉంటే, పాతదనం తగ్గింపుతో కలిపి 40 శాతం తగ్గింపు ఉండేది. రికార్డులో 'అద్దె' అని పడితే అది పోయినట్టే.

2021 ఏప్రిల్ 1 నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు స్థలం, కట్టడం రిజిస్ట్రేషన్ విలువ మీద పన్ను వేస్తున్నారు. మరి పాత లెక్క ఎందుకు? పన్ను ఒక్కసారిగా పెరగకుండా, ముందటి ఏడాది పన్ను మీద 15 శాతానికి మించి పెంచకూడదని షరతు పెట్టారు. అంటే మార్పు వచ్చిన ఏడాది ఈమె పన్ను 1,610 రూపాయలు దాటకూడదు. ఆ 1,610కి పునాది పాత 1,400. పాత లెక్కలో వైశాల్యం ఎక్కువ రాసి ఉంటే, ఆ తప్పు కొత్త పన్నులోకీ పాకుతుంది.

ఇక కట్టే సంగతి. పన్ను రెండు అర్ధ సంవత్సరాలకు వేస్తారు. లెక్క తేలికగా ఉండాలని 1,400నే తీసుకుందాం. ఒక్కో అర్ధ సంవత్సరానికి 700. మొదటి దానికి గడువు జూన్ 30. రెండోదానికి డిసెంబరు 31. ఏడాది పన్నంతా ఏప్రిల్ 30 లోగా కడితే 5 శాతం రిబేటు ఇస్తారు. 70 రూపాయలు తగ్గి 1,330 కడితే చాలు.

"పిన్నీ, పిక్కల డబ్బులు వచ్చాక కడతాననుకుంటే ఏమవుద్ది?" అని పక్కింటి కోడలు అడిగింది.

"వడ్డీ పడుద్ది అమ్మా. నెలకు నూటికి రెండు."

జూన్ దాటితే 700 మీద నెలకు 14 రూపాయలు. జూలై నుంచి మార్చి దాకా తొమ్మిది నెలలకు 126. రెండో 700 మీద జనవరి నుంచి మార్చి దాకా మూడు నెలలకు 42. మొత్తం వడ్డీ 168. మార్చి ఆఖరుకు కట్టాల్సింది 1,568 రూపాయలు. ఏప్రిల్‌లోనే కట్టినామె కన్నా 238 ఎక్కువ. ఇది బారువడ్డీ. వడ్డీ మీద వడ్డీ ఉండదు. అయినా బకాయి ఉన్నన్నాళ్లూ నెలనెలా పడుతూనే ఉంటుంది. ప్రభుత్వం అప్పుడప్పుడు వడ్డీ మాఫీ ప్రకటిస్తుంది గానీ, దాన్ని నమ్ముకుని ఆగడం మంచి బేరం కాదు.

నోటీసు రాగానే మూడు సంగతులు చూడాలి: ఇంటి వైశాల్యం, కట్టడం రకం, ఎవరు ఉంటున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఇక్కడ ఎన్నో పైకప్పులు ఎగిరిపోయాయి. పెంకుల చోట రేకులు వేసినవాళ్లున్నారు, స్లాబు పోసినవాళ్లున్నారు. ఇంటి రకం మారితే రికార్డులోనూ మారాలి. తప్పుంటే టేపుతో ఇల్లు కొలిచి, నోటీసులో రాసిన గడువులోగా కమిషనరుకు రివిజన్ పిటిషన్ ఇవ్వాలి. నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. డబ్బు కట్టిన రసీదులో ఇంటి అసెస్‌మెంట్ నంబరు సరిగా ఉందో లేదో అక్కడే చూసుకోవాలి. నంబరు తప్పితే డబ్బు ఇంకొకరి ఇంటి ఖాతాలో పడుతుంది, బకాయి ఈమె పేరునే నిలుస్తుంది.

కవిటి, కంచిలి వైపు ఉద్దానం పల్లెల్లో ఇంటి పన్ను పంచాయతీకి కడతారు. అది 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం వేసేది. పైన చెప్పిన రేట్లు, గడువులు పట్టణాలవి. పల్లెల లెక్క పంచాయతీ కార్యదర్శి దగ్గర అడగాలి.