ఫొటోలో ఫిజిక్స్ ప్రాబ్లమ్.. కోణం ఎక్కడుందో చూడకపోతే ఆన్సర్ తలకిందులే!

ఎంట్రన్స్ ప్రిపరేషన్‌లో ఉన్న స్టూడెంట్స్ డౌట్ వస్తే పేజీని ఫొటో తీసి ఫ్రెండ్‌కి పంపేస్తుంటారు. కానీ ఫొటోలో బొమ్మ సగం కట్ అవుతుంది, లేదంటే నీడ పడి అంకెలు సరిగా కనిపించవు. అందుకే లెక్క మొదలుపెట్టే ముందు బొమ్మని మాటల్లో రాసుకోవాలి. ఎలాగో ఒక లెక్కతో చూద్దాం.

బొమ్మని ఇలా రాయొచ్చు. "నున్నటి వాలు తలం, ఘర్షణ లేదు. దాని మీద 2 కేజీల దిమ్మె. దిమ్మెకి కట్టిన తాడు వాలు వెంట పైకి వెళ్లి, చివర ఉన్న కప్పీ మీదుగా అవతలి వైపు నిటారుగా కిందకి దిగింది. ఆ కొసకి 1500 గ్రాముల బరువు వేలాడుతోంది. వాలుకీ నేలకీ మధ్య కోణం 30 డిగ్రీలు." రెండూ కదలకుండా పట్టుకుని వదిలేస్తే త్వరణం ఎంత? g విలువ 10 m/s² అనుకుందాం.

ముందుగా 1500 గ్రాముల్ని 1.5 కేజీలుగా మార్చాలి. వేలాడే బరువు కిందకి లాగే బలం 1.5 × 10 = 15 న్యూటన్లు. వాలు మీద దిమ్మె వెనక్కి లాగే బలం 2 × 10 × sin 30° = 10 న్యూటన్లు. తేడా 5 న్యూటన్లు. కదిలే మొత్తం ద్రవ్యరాశి 3.5 కేజీలు.

a = 5 N ÷ 3.5 kg = 1.43 m/s²

ఇప్పుడు యూనిట్ల చెక్. న్యూటన్ అంటే kg·m/s². దాన్ని కేజీతో భాగిస్తే m/s² మిగిలింది, అంటే త్వరణమే. గ్రాములు మార్చకుండా 1500 × 10 అని వేస్తే వచ్చేది g·m/s², అది న్యూటన్ కాదు. ప్రతి అంకె పక్కన యూనిట్ రాస్తే ఈ తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది.

కానీ యూనిట్లు పట్టుకోలేని తప్పు ఒకటుంది. ఆ 30 డిగ్రీలు బొమ్మలో పైన, నిలువు గీతకీ వాలుకీ మధ్య రాసి ఉంటే? అప్పుడు నేలతో కోణం 60 డిగ్రీలు. దిమ్మె వెనక్కి లాగే బలం 2 × 10 × sin 60° = 17.3 న్యూటన్లు, అంటే 15 కన్నా ఎక్కువ. దీంతో దిమ్మె పైకి వెళ్లదు, కిందకే జారుతుంది. త్వరణం 2.3 ÷ 3.5, అంటే సుమారు 0.66 m/s².

రెండు ఆన్సర్లకీ యూనిట్ ఒకటే, కానీ దిశ మాత్రం రివర్స్. ఆప్షన్లలో రెండూ ఉంటే మార్కు పోయినట్టే. అందుకే "కోణం 30" అని ఊరుకోకుండా, ఏ గీతకీ ఏ గీతకీ మధ్య అని పూర్తిగా రాయాలి. ఫొటోలో ఆ మూల కనిపించకపోతే లెక్క ఆపి, ఇంకో ఫొటో అడగడమే మంచిది.